ప్రొబేషన్‌లో ఎనిమిది రోజుల సెలవు: ఒక కేసు

అనంతపురంలో చిన్న సంస్థలకు పీఎఫ్, ఈఎస్ఐ, లేబర్ రిటర్నులు చూసి పెట్టడం నా పని. అంతకు ముందు చాలా ఏళ్ళు హెచ్ఆర్‌లో ఉన్నాను. అంటే నా దగ్గరికి మామూలుగా వచ్చేది యజమానులు. ఈ కేసులో మాత్రం ఉద్యోగి వచ్చింది. ఆమె పనిచేసే సంస్థ నా క్లయింట్ కాదు, అది ముందు నిర్ధారించుకున్నాకే కూర్చోబెట్టి మాట్లాడాను. ఆమె ఒప్పుకున్న మీదటే ఇది రాస్తున్నాను. పేర్లు తీసేశాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. నేను చేసిన తప్పును మాత్రం మార్చలేదు.

నేపథ్యం

ఇరవై మూడేళ్ళ అమ్మాయి, బీకాం చదివింది. 2024 జూలై 1న ఒక ట్రాక్టర్ల డీలర్ దగ్గర, అనంతపురం షోరూంలో అకౌంట్స్ అసిస్టెంటుగా చేరింది. జీతం 16,000. ఆరు నెలల ప్రొబేషన్, అంటే డిసెంబర్ 31 దాకా. షోరూంలో పదిహేను మంది లోపే ఉంటారు. హెడ్ ఆఫీసు, హెచ్ఆర్ హైదరాబాదులో.

తల్లిది ఆదోని దగ్గర ఒక పల్లె. గర్భసంచిలో గడ్డలు. కర్నూలులో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు: నవంబర్ 18న చేరాలి, మరుసటి రోజు ఆపరేషన్, కుట్లు చూసి పంపేసరికి వారం పడుతుంది. అన్న ఉన్నాడు, బెంగళూరులో డ్రైవరు. కానీ ఆడవాళ్ళ వార్డులో రాత్రిళ్ళు మగవాళ్ళను ఉండనివ్వరు. ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు. కాబట్టి ఉండాల్సింది ఈ అమ్మాయే.

ఆమె అపాయింట్‌మెంట్ ఆర్డరులో సెలవుల గురించి ఒకే వాక్యం ఉంది: సెలవులు కంపెనీ నిబంధనల ప్రకారం ఉంటాయని. ఆ నిబంధనల పుస్తకం తెప్పించి చూస్తే, కన్ఫర్మ్ అయిన ఉద్యోగులకు ఏడాదికి ఇన్ని క్యాజువల్ లీవులు, ఇన్ని ఎర్న్‌డ్ లీవులు అని ఉంది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకు ఇస్తామనీ లేదు, ఇవ్వమనీ లేదు. చిన్న సంస్థల్లో నేను చూసే పుస్తకాల్లో సగానికి సగం ఇట్లాగే ఉంటాయి. ఎవరో పెద్ద కంపెనీది తెచ్చి, పేరు మార్చి పెట్టుకుంటారు.

ఆమె నా దగ్గరికి వచ్చేలోపే చేసినవి

ఆమె వచ్చింది నవంబర్ 9, శనివారం. అప్పటికే మూడు పనులు జరిగిపోయాయి. మూడూ ఆమెకు నష్టమే చేశాయి.

మొదటిది వాట్సాప్. నవంబర్ 4న మేనేజరుకు మెసేజ్ పెట్టింది, అమ్మకు ఆపరేషన్ ఉంది సార్, 18 నుంచి లీవు కావాలి అని. ఆయన బొటనవేలు గుర్తు పెట్టాడు. సరేనన్నాడని ఈమె అనుకుంది, ఇంటికి ఫోన్ చేసి చెప్పేసింది. ఆ గుర్తుకు ‘చూశాను’ అనీ అర్థం, ‘ఒప్పుకున్నాను’ అనీ అర్థం. పైగా మెసేజ్‌లో ఎన్ని రోజులో లేదు. అది లేని దరఖాస్తుకు ఎవరు సరే అన్నా, దేనికి సరే అన్నట్టో తేలదు.

రెండోది అటెండెన్స్ యాప్. అందులో లీవు పెట్టబోతే బ్యాలెన్స్ సున్నా అని తిప్పికొట్టింది. అది విధానం కాదు, ఒక సెట్టింగు మాత్రమే. కన్ఫర్మ్ అయ్యేదాకా ఖాతాలో ఏమీ జమ చేయకుండా పెట్టుకున్నారు, అంతే. కానీ ఆమె అది చూసి కంపెనీ ఒప్పుకోలేదు అనుకుంది. భయపడి మేనేజరు దగ్గరికి పోతే ఆయన, "ప్రొబేషన్‌లో లీవ్ లేదు కదమ్మా, సిస్టమే తీసుకోవట్లేదు" అన్నాడు. యాప్ మాటనే ఆయన రూలుగా మార్చి చెప్పాడు.

మూడోది మేనమామ. ఆయనకు తెలిసిన ఒక పెద్దమనిషి ట్రాక్టర్లు కొనే రైతులను ఈ షోరూంకు తెస్తూ ఉంటాడు. ఆయన చేత మేనేజరుకు ఫోన్ చేయించారు. మన ప్రాంతంలో ఇది సహజం, అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. కానీ మేనేజరు చెవికి అది అభ్యర్థన లాగా వినపడలేదు, ఒత్తిడిలాగా వినపడింది. ఆ సాయంత్రం ఆమెను పిలిచి, "నాకు చెప్పాల్సింది ఊరంతా చెప్పిస్తావా?" అన్నాడట. ఆమె ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది ఆ మర్నాడే.

మేనమామ దగ్గర ఇంకో ఉపాయం కూడా ఉంది. తెలిసిన డాక్టరు దగ్గర ఆమెకే జ్వరమని సర్టిఫికెట్ రాయించి పంపుదామని. దీన్ని మాత్రం వెంటనే ఆపాను. ఆమె ఈఎస్ఐలో ఉంది, కాబట్టి అనారోగ్యం అంటే ఈఎస్ఐ డాక్టరు కాగితం తెమ్మంటారు. కొత్తగా ఈఎస్ఐలో చేరినవాళ్ళకు సుమారు తొమ్మిది నెలలు గడిచేదాకా సిక్‌నెస్ బెనిఫిట్ ఎట్లాగూ రాదు, అంటే డబ్బు పరంగా కూడా లాభం సున్నా. అసలు భయం వేరే ఉంది. ప్రొబేషన్‌లో ఉన్న మనిషిని సెలవు అడిగినందుకు తీసేస్తే సంస్థకు చెప్పుకోవడానికి కారణం దొరకదు. అబద్ధపు సర్టిఫికెట్ ఇస్తే కారణం మనమే చేతికి ఇచ్చినట్టు. తల్లికి ఆపరేషన్ అని ఆఫీసులో సగం మందికి అప్పటికే తెలుసు కూడా.

లీవు అనే మాటలో ఉన్న మూడు విషయాలు

ఆమెను నేను అడిగిన మొదటి ప్రశ్న: "నీకు కావాల్సింది ఏంది? ఆ వారం అక్కడ ఉండడమా, ఆ వారం జీతమా, జనవరిలో కన్ఫర్మేషనా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "అమ్మ దగ్గర ఉండాల సార్. మిగిలింది పోతే పోనీ" అంది.

ఈ కేసు మొత్తం ఆ జవాబు మీద నడిచింది. రూలు స్పష్టంగా ఉన్న చోట లీవు అంటే ఒకటే మాట. రూలు లేని చోట అందులో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉంటాయి. పనికి రాకుండా ఉండడానికి అనుమతి ఒకటి. ఆ రోజులకు జీతం ఉంటుందా, కోత పడుతుందా అనేది రెండోది. ఆ రోజుల వల్ల ప్రొబేషన్ ముగిసే తేదీ జరుగుతుందా అనేది మూడోది. మొదటిది ఇవ్వగలిగినవాడు షోరూం మేనేజరు. రెండు, మూడు ఆయన చేతిలో లేవు, హెడ్ ఆఫీసువి. ‘లీవు కావాలి’ అని ఒక్క మాటగా అడిగితే, తన చేతిలో లేని రెండింటి గురించి భయపడి, చేతిలో ఉన్న ఒక్కదానికి కూడా ఆయన లేదంటాడు. ‘లేదు’ అని ఆయన అన్నది నిజానికి ‘జీతంతో సెలవు ఇచ్చే అధికారం నాకు లేదు’ అని. ఆమె విన్నది ‘వెళ్ళొద్దు’ అని.

కాబట్టి ముందు మేనేజరుతో మొదటి విషయం ఒక్కటే మాట్లాడాలని నిర్ణయించాం. ఎప్పుడు అన్నది కూడా ఆలోచించాం. 11వ తేదీ సోమవారం అమ్మకాల జీఎస్టీ రిటర్ను, జీఎస్టీఆర్-1 వేయడానికి ఆఖరు రోజు, ఆ రోజు ఎవరు ఏది అడిగినా ఆయన విసుక్కుంటాడు. 12న ఉదయం, కస్టమర్లు రాకముందు వెళ్ళమన్నాను. మెయిల్ ముందే పంపితే తన తల మీదుగా హైదరాబాదుకు ఫిర్యాదు చేసినట్టు అనుకుంటాడు. ముందు మాట, అదే రోజు మధ్యాహ్నం మెయిల్, ఆయనకు చెప్పి.

మాట్లాడేటప్పుడు మూడు పనులు చేయమన్నాను. మేనమామ ఫోన్‌కు క్షమాపణ చెప్పు, అది ముందు. జీతం కోసుకున్నా పర్వాలేదని మొదటి నిమిషంలోనే చెప్పు. ఆ తర్వాత, ‘నేను లేకపోతే మీకు ఏది ఇబ్బంది సార్?’ అని అడిగి ఊరుకో.

ఆ ప్రశ్నకు ఆయన చెప్పిన జవాబు నేను ఊహించింది కాదు. జీఎస్టీ అంటాడనుకున్నాను, ఎందుకంటే 20వ తేదీ పన్ను కట్టే 3బి రిటర్ను ఉంది. ఆయన చెప్పింది క్యాష్ గురించి. అంతకు ముందు ఏడాది ఆ సీట్లో ఇంకో కుర్రాడు ప్రొబేషన్‌లో ఉండగా దసరాకు ఊరికి పోయి తిరిగి రాలేదట. డౌన్ పేమెంట్ల క్యాష్‌లో లెక్క తేలని మొత్తం ఒకటి మేనేజరు మెడకు చుట్టుకుందట. ఆయన ‘లేదు’ వెనక ఉన్నది రూలు కాదు, ఆ కుర్రాడు. అపాయింట్‌మెంట్ ఆర్డరును ఇంకో పదిసార్లు చదివినా ఇది నాకు తెలిసేది కాదు.

అందుకని మెయిల్‌లో అప్పగింతల భాగం మార్చాం. బయలుదేరే ముందు సాయంత్రం క్యాష్ పెట్టె నోట్లవారీగా లెక్కించి, కాగితం మీద రాసి, ఆమె, వర్క్‌షాప్ బిల్లింగ్ చూసే సీనియర్ ఇద్దరూ సంతకాలు పెట్టి, తాళం మేనేజరుకు ఇస్తారు. జీఎస్టీ సంగతి రెండు ముక్కల్లో తేలిపోయింది: కొనుగోళ్ళ మీద పన్ను వివరాలు చూపే 2బి 14న వస్తుంది, 16 లోపు కొనుగోలు బిల్లులు దానితో సరిచూసి ఆడిటరుకు పంపేస్తుంది.

తేదీ తెలియని సెలవు

ఇంకో చిక్కు ఉంది. ఆపరేషన్ తేదీలు నమ్మదగ్గవి కావు. రక్తం తక్కువైనా, బీపీ ఎక్కువైనా, వాయిదా పడుతుంది. 18 నుంచి 25 దాకా అని తేదీలు రాసి తెచ్చుకుని, ఆపరేషన్ జరిగితే సరే. జరగకపోతే మళ్ళీ అడగాలి. రూలు లేని చోట రెండోసారి అడగడం మొదటిదానికన్నా పది రెట్లు కష్టం. మొదటి మాట తప్పినట్టు అవుతుంది.

అందుకని పొడవును గట్టిగా పట్టుకుని, మొదలును వదులుగా ఉంచాం. మెయిల్ ఇంగ్లీషులో వెళ్ళింది. సారాంశం ఇది: ‘ఏడు పని దినాలు పనికి రాకుండా ఉండడానికి అనుమతి కావాలి, మధ్యలో ఒక ఆదివారం వస్తుంది. 18న మొదలవుతుందని ఆసుపత్రి చెప్పింది, చీటీ జతచేశాను. తేదీ జరిగితే తెలిసిన రోజే చెబుతాను, మొదలయ్యేదాకా మామూలుగా డ్యూటీకి వస్తాను, మొత్తం రోజులు మాత్రం ఏడు దాటవు. జీతం కోత విషయం నిబంధనల ప్రకారం మీరు చెప్పినట్టు. ప్రొబేషన్‌లో క్యాజువల్ లీవుకు అర్హత ఉందో లేదో తెలియజేయగలరు.’ దాని కింద అప్పగింతలు. ఆ తర్వాత ఇంకో వాక్యం ఉంది, దాని సంగతి చివర చెబుతాను.

చివరి ప్రశ్నను అడగడమే గానీ వాదించలేదని గమనించండి. కారణం ఉంది.

చట్టం తెలుసు, కానీ ఎప్పుడు తీయాలి

విధాన పుస్తకం మౌనంగా ఉంటే రూలు లేదని కాదు, కింద చట్టం ఉంటుంది. ఏ చట్టమో తేల్చుకోవడానికి ఆమెను షోరూం గోడ మీద తగిలించిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫోటో తీసి పంపమన్నాను. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988 కింద నమోదైన సంస్థ. హెడ్ ఆఫీసు హైదరాబాదులో ఉన్నా, ఆమె పనిచేసేది అనంతపురంలో కాబట్టి వర్తించేది ఇక్కడి చట్టం.

ఆ చట్టంలో 30వ సెక్షన్ సెలవుల గురించి. ఎర్న్‌డ్ లీవుకు 240 రోజులు పనిచేసి ఉండాలి, అది ఈమెకు లేదు. కానీ అదే సెక్షన్ క్యాజువల్ లీవు విషయంలో సర్వీసు మొదటి పన్నెండు నెలల నుంచే హక్కు ఇస్తుంది, సమంజసమైన కారణం మీద, ఏడాదికి పన్నెండు రోజుల వరకు, జీతంతో. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి లేదని అందులో ఎక్కడా లేదు. కంపెనీ పుస్తకం కన్ఫర్మ్ అయినవాళ్ళకే అని రాసుకున్నా, చట్టం కన్నా తక్కువ ఇచ్చే రూలు నిలవదు.

అయితే ఇదే అమ్మాయి పక్కనే ఉన్న ఏదైనా ఫ్యాక్టరీలో కార్మికురాలై ఉంటే నా దగ్గర ఈ వాదన ఉండేది కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఉన్నది 240 రోజుల తర్వాత వచ్చే వార్షిక సెలవే, క్యాజువల్ లీవు అందులో లేదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ ఆ 240ని 180 చేసింది, అయినా నాలుగు నెలల సర్వీసుకు అది చాలదు. అందుకే గోడ మీద కాగితం చూడకుండా ఎవరికీ సలహా చెప్పను.

మరి చట్టం ఇంత స్పష్టంగా ఉంటే మొదటి మెయిల్‌లోనే సెక్షన్ నంబరు ఎందుకు రాయలేదు? రెండు కారణాలు. ఒకటి, ఆ చట్టం బలంగా మాట్లాడేది జీతం గురించి. ఫలానా వారమే వెళ్తానంటే సంస్థ తలూపాల్సిందే అని దాన్ని చదవడం నాకు సాహసం అనిపిస్తుంది. ఆమెకు ముందు కావాల్సింది వారం. రెండు, అదే చట్టం 47వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం, నెల నోటీసు లేకుండా తీసేయడం కుదరదు. ఆరు నెలలు నిండకముందు ఆ రక్షణ లేదు. చాలామంది ప్రొబేషన్‌ను సరిగ్గా ఆరు నెలలు పెట్టుకోవడం యాదృచ్ఛికం కాదని నా అనుమానం. నవంబరులో ఆమె ఆర్డరు ప్రకారం ఏడు రోజుల నోటీసుతో పంపేయొచ్చు. గెలిచే వాదన కూడా అప్పుడు చేస్తే ఆమెకే చేటు.

జరిగింది

14న హెచ్ఆర్ నుంచి జవాబు వచ్చింది. రాకపోవడానికి అనుమతి ఉంది, మేనేజరు సిఫార్సు చేశాడు, రోజులు లాస్ ఆఫ్ పే కింద లెక్క. క్యాజువల్ లీవు ప్రశ్నకు జవాబు లేదు. ఇంకో ముక్క ఉంది, అదీ చివర చెబుతాను.

16న మత్తు డాక్టరు పరీక్షలో తల్లికి హిమోగ్లోబిన్ 8 దగ్గర ఉందని తేలింది. రక్తం ఎక్కించి, వారం ఆగమన్నారు. ఆ సాయంత్రమే మెయిల్ పెట్టింది, 18న మామూలుగా సీట్లో కూర్చుంది. ఆ వారం రోజుల్లోనే మేనేజరు మారిపోయాడని ఆమె చెప్పింది. చెప్పిన తేదీ పోయినా మనిషి పనికి వచ్చింది, 3బి తానే దగ్గరుండి చేయించింది. పొడవు, మొదలు విడివిడిగా అడిగినందువల్ల మళ్ళీ అనుమతి అవసరం పడలేదు.

23న క్యాష్ అప్పగింత. ఆపరేషన్ 26న అయింది. డిసెంబర్ 2న ఇంటికి పంపారు, 3న ఆమె డ్యూటీలో ఉంది. నెలాఖరు క్లోజింగ్ ఆమె లేనప్పుడు పడింది, అది ముందు అనుకున్న ప్లానులో లేదు. వార్డు వరండాలో కూర్చుని ఫోన్లో రెండు గంటలు ఆ సీనియరుకు చెబుతూ చేయించింది. ఇది నేను సలహా ఇచ్చింది కాదు, నచ్చింది కూడా కాదు. జీతం కోసిన రోజు పని చేయించుకున్నారు కదా. ఆమె మాత్రం నవ్వి, "అమ్మ నిద్రపోతా ఉండె సార్, నాకూ ఏమీ తోచక" అంది.

జీతం వెనక్కి

నవంబర్ జీతంలో ఆరు రోజులు కోశారు, రోజుకు 533 చొప్పున 3,200. డిసెంబరులో ఆదివారం, సోమవారం కలిపి రెండు రోజులు. సెలవుల మధ్య ఆదివారాన్ని కూడా కలిపేసే లెక్క ఇది, ఆఫీసుల్లో దీన్ని శాండ్‌విచ్ అంటారు. మొత్తం ఎనిమిది రోజులు, 4,267.

ఇప్పుడు జీతం ప్రశ్న తీయాలా, జనవరి దాకా ఆగాలా? ఆగితే ఆరు నెలలు నిండుతాయి, ధైర్యంగా అడగొచ్చు. కానీ కంపెనీ లెక్కలో క్యాజువల్ లీవు క్యాలెండర్ సంవత్సరానిది, డిసెంబర్ 31న మురిగిపోతుంది. జనవరిలో అడిగితే, పోయిన ఏడాది ఖాతా మూసేశామంటారు. అందుకని డిసెంబర్ 9నే అడిగాం, కానీ మెత్తగా. నవంబర్ 12 మెయిల్‌లో అడిగిన ప్రశ్నకే కొనసాగింపుగా, దానికి జవాబు రాలేదని గుర్తుచేస్తూ. సెక్షన్ 30 పేరు చెప్పి, ఇది మా షోరూంకు వర్తిస్తుందా, వర్తిస్తే సరిచేయగలరా అని. మొదటి రోజు ఆ ప్రశ్న వేసి పెట్టుకున్నది ఇందుకే. ఇప్పుడు కొత్తగా గొడవ మొదలుపెట్టినట్టు ఉండదు.

ఎన్ని రోజులు అడగాలి? చట్టం చదివితే పన్నెండు దాకా ఉంది, ఏడూ అడగొచ్చు. కానీ చాలా పేరోల్ విభాగాలు క్యాజువల్ లీవును నెలకు ఒకటి చొప్పున జమ చేస్తాయి. జూలై నుంచి నవంబరు దాకా అంటే ఐదు. వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో ఇమిడే సంఖ్య అడిగితే పని త్వరగా అవుతుందని ఐదే అడిగాం. ఆదివారం కోత మీద కూడా వాదించాలని ఆమెకు ఉంది. ఆ 533 కోసం, కన్ఫర్మేషన్ నెల దూరంలో ఉండగా, వద్దన్నాను.

డిసెంబర్ జీతంలో 2,667 కలిపి ఇచ్చారు. మాటలేమీ లేవు, పే స్లిప్‌లో ఒక వరుస మాత్రం కనిపించింది. నికరంగా పోయింది 1,600.

నా తప్పు

మెయిల్‌లో ఇంకో వాక్యం ఉందన్నాను కదా. అది ఇది: ‘అవసరమైతే ఈ రోజుల మేరకు నా ప్రొబేషన్‌ను పొడిగించుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.’ రాయించింది నేనే. నా ఆలోచన ఏమిటంటే, సంస్థకు భరోసా ఇచ్చినట్టు ఉంటుంది, తిరిగి రాదేమోనన్న అనుమానం పోతుంది. ఎనిమిది రోజులే కదా, ఏముంది అనుకున్నాను. హెచ్ఆర్ 14న రాసిన జవాబులో ఆ ముక్క కూడా ఉంది: మీరు ప్రతిపాదించినట్టే ప్రొబేషన్ ఆ మేరకు పొడిగిస్తున్నాం అని. చదివి, సరేలే అనుకుని వదిలేశాను.

కన్ఫర్మేషన్ లెటర్ జనవరి 9 తేదీతో వచ్చింది. మేనేజరు మంచి రిపోర్టే ఇచ్చాడు. ఏప్రిల్‌లో ఇంక్రిమెంట్లు వేసినప్పుడు తెలిసింది, జనవరి 1 నాటికి కన్ఫర్మ్ అయినవాళ్ళకే అని. ఇది నిబంధనల పుస్తకంలో సెలవుల అధ్యాయంలో లేదు, జీతాల అధ్యాయంలో ఉంది. నేను నవంబరులో చదివింది సెలవుల అధ్యాయం మాత్రమే. ఆమె తోటివాళ్ళకు నెలకు 800 పెరిగింది. ఆమెకు ఏడాది ఆగాలి. అంటే 9,600 పోయింది. నేను తెచ్చిపెట్టింది 2,667.

ఏప్రిల్లోనే ఒక మెయిల్ రాశాం. ఐదు రోజులు క్యాజువల్ లీవుగా మీరే ఒప్పుకున్నారు కాబట్టి అవి రాకపోయిన రోజుల కింద లెక్క కావు, పొడిగింపు ఉండాల్సింది మిగిలిన మూడు రోజులే అని. వాదన బాగానే ఉంది. అయినా అప్పుడు కన్ఫర్మేషన్ తేదీ జనవరి 4 అవుతుంది, జనవరి 1 కాదు. హెచ్ఆర్ కూడా అదే చెప్పింది, పైగా పొడిగింపు మీ కోరిక మేరకే జరిగిందని నవంబర్ మెయిల్ జతచేసింది. దానికి నా దగ్గర జవాబు లేదు. అపాయింట్‌మెంట్ ఆర్డరులో పొడిగించే అధికారం యాజమాన్యానికి ఎట్లాగూ ఉంది, నిజమే. కానీ ఆ అధికారాన్ని ఎనిమిది రోజుల కోసం వాళ్ళు తమంతట తాము వాడేవాళ్ళా అంటే, నాకు నమ్మకం లేదు. ఇన్నేళ్ళలో ఇంత చిన్న సెలవుకు ఎవరూ అడగకుండా పొడిగించిన సంస్థలు నాకు అరుదుగా తగిలాయి.

లీవులో మూడు విషయాలున్నాయని ఆమెకు చెప్పింది నేను. మొదటిదానికి మాట, రెండోదానికి ప్రశ్న సిద్ధం చేశాను. మూడోదాన్ని ఎవరూ అడగకముందే ఇచ్చేశాను. ఆ మాట ఆమెతో ఫోన్లో చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోనీలే సార్, అమ్మ ఇప్పుడు చేన్లోకి పోతా ఉంది" అంది.

ఇప్పుడు ఇట్లాంటి మెయిల్ రాయాల్సి వస్తే ఆ చోట ఈ వాక్యం పెడుతున్నాను: ‘నా ప్రొబేషన్ డిసెంబర్ 31న ముగుస్తుందని నా అవగాహన. ఈ సెలవు వల్ల అందులో మార్పు ఏమైనా ఉంటే ముందుగా తెలియజేయగలరు.’ దాంతోపాటు పుస్తకంలో ‘కన్ఫర్మ్’ అనే మాట ఎక్కడెక్కడ ఉందో, సెలవులు, జీతాలు, బోనస్ అన్నీ వెతికి, ఆ పేజీలన్నీ చదివాకే మెయిల్ పంపనిస్తున్నాను.